ఫోన్‌లో చెబితే తప్పు లేకుండా రాయగలిగే డొమైన్ పేరు

వెబ్‌సైట్ పేరు ఫోన్‌లో చెప్పిన ప్రతిసారీ స్పెల్లింగ్ కూడా చెప్పవలసి రావడం విసుగు పుట్టిస్తుంది. వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు అమ్మే దుకాణానికి పేరు చూస్తున్నప్పుడు నాకు ఉపయోగపడిన పద్ధతి ఇది.

డొమైన్ కొనకముందే, ఆ పేరు తెలియని ముగ్గురికి ఫోన్ చేసి, దానిని ఒక్కసారి మామూలుగా పలికి, విన్నట్టే ఇంగ్లీషు అక్షరాలలో టైపు చేసి వాట్సాప్‌లో పంపమని అడగాలి. ముగ్గురూ ఒకేలా రాస్తేనే ఆ పేరు తీసుకోవాలి. మొదట అనుకున్న ‘శ్రీలక్ష్మి’ ఇక్కడే ఆగిపోయింది. ఎందుకంటే sri, sree, shri అని మూడు విధాలుగా, lakshmi, laxmi అని రెండు విధాలుగా రాసే అలవాటు ఉన్నందున, ఆ ఒక్క పేరుకే ఆరు రూపాలు ఏర్పడతాయి. దాని బదులు warangalcarpets అని చెబితే చిక్కు తీరింది. ‘వ’కు v రాయాలా, w రాయాలా అనే సందేహం మామూలుగా వచ్చేదే అయినా, రైల్వే స్టేషన్ బోర్డు మీద రోజూ చూసే ఊరి పేరులో మనవాళ్ళెవరూ తడబడరు.

అయితే కొనుగోలుదారులు ఎక్కువగా బయటి రాష్ట్రాలవారైతే ఈ పరీక్ష మోసం చేస్తుంది కనుక, ఆ ముగ్గురిలో ఇద్దరైనా అక్కడివారే ఉండాలి.