అయిదు కప్పుల మొలకలకు ఎన్ని పెసలు నానబెట్టాలి?

అమెరికా వచ్చిన మొదటి చలికాలంలో మూడు కప్పుల పెసలు ఒక ప్లాస్టిక్ డబ్బాలో నానబెట్టి మూత పెట్టి పడుకున్నాను. పొద్దున లేచేసరికి మూత ఒక పక్క, పెసలు కౌంటర్ మీద, కొన్ని సింకులో. నలుగురం ఉండే అపార్ట్‌మెంట్‌లో వారం రోజులు పొద్దున మొలకలు, రాత్రి గుగ్గిళ్లు. అమ్మని అడిగితే "సోలెడు పోసుకోవే" అంటుంది. ఇక్కడ సోల ఎక్కడిది? అందుకే కొత్తగా వచ్చినవాళ్లు ఎవరడిగినా ముందు ఈ లెక్క చెబుతుంటాను.

ముందు కప్పు సంగతి. ఇక్కడ వంటల్లో చెప్పే కప్పు 240 మిల్లీలీటర్లు. రైస్ కుక్కర్‌తో వచ్చిన ప్లాస్టిక్ కప్పు 180 మాత్రమే, అంటే ముప్పాతిక కప్పు. ఇంటి నుంచి తెచ్చుకున్న స్టీలు గ్లాసు ఎంతో దానికే తెలియాలి. ఒక దానితో పెసలు కొలిచి ఇంకో దానితో మొలకలు కొలిస్తే లెక్క కుదరదు. ఏదైనా ఒకటి పట్టుకుని దాన్నే వాడండి. 240 మిల్లీలీటర్ల కప్పు నిండా ఎండు పెసలు పోస్తే సుమారు 200 గ్రాములు తూగుతాయి.

ఇక అసలు విషయం. "ఒక కప్పుకి ఎన్ని కప్పులు వస్తాయి?" అనే ప్రశ్నకు మొలక ఎంత పొడవు రావాలో చెప్పకుండా జవాబు లేదు. రాత్రంతా నానిన పెసలు కొలతలో రెండు రెండున్నర రెట్లవుతాయి. నీళ్లు వంచేశాక ఒకటి ఒకటిన్నర రోజుకి అర అంగుళం లోపు మొలక వస్తుంది, మనం ఇంట్లో తినేది అదే. అప్పటికి సుమారు మూడు రెట్లు, మొలక కాస్త సాగితే మూడున్నర. చిత్రం ఏమిటంటే తూకం మాత్రం రెండు రెట్లకు కొంచెం పైనే ఆగుతుంది. మొలకలు ఒకదానికొకటి అడ్డుపడి మధ్యలో గాలి చేరుతుంది కాబట్టే గిన్నె నిండినట్టు కనిపిస్తుంది. అదే గిన్నెని చేత్తో అదిమితే ఒక కప్పు మాయమవుతుంది. అందుకని మొలకలను కొలిచేటప్పుడు వదులుగా పోసి కొలవండి.

చైనీస్ కొట్లలో సంచుల్లో అమ్మే తెల్లటి పొడవాటి మొలకలు చూసి అదేదో వేరే గింజ అనుకుంటారు కొత్తవాళ్లు. అవీ పెసలే. చీకట్లో, పైన బరువు పెట్టి, నాలుగైదు రోజులు పెంచుతారు. అక్కడ తూకమే అయిదారు రెట్లవుతుంది, కొలతలో అయితే పది దాటుతుంది. నూడుల్స్ వంటకంలో రెండు కప్పుల మొలకలు అని రాసి ఉంటే అవి ఈ పొడవాటివి. దాని కోసం మన మూడు రెట్ల లెక్క వేసుకోకండి, కొనుక్కోవడమే సుఖం.

ఇప్పుడు ఒక లెక్క చేద్దాం. ఆదివారం మధ్యాహ్నం పాట్‌లక్, పది మంది, మీ వంతు పోపు పెట్టిన మొలకలు. మనిషికి అరకప్పు చాలు, పక్కన ఇంకా పది రకాలుంటాయి. అంటే అయిదు కప్పులు, 1200 మిల్లీలీటర్లు. మూడుతో భాగిస్తే 400. రైస్ కుక్కర్ కప్పుతో రెండుంపావు కంటే కొంచెం తక్కువ. కానీ కొన్ని గింజలు మొలకెత్తవు, పొయ్యి మీద కాసేపు మగ్గితే మొలకలు దిగుతాయి కూడా. కాబట్టి రెండున్నర పోయండి. తూకం కాటా ఉంటే 375 గ్రాములు. రెండు పౌండ్ల పెసల ప్యాకెట్ అంటే 907 గ్రాములు, ఇలాంటి పాట్‌లక్‌లు రెండింటికి సరిపోయి ఇంకా కొంచెం మిగులుతుంది.

గిన్నె ఎండు పెసలకి నాలుగింతలు పట్టేది ఉండాలి. 450 మిల్లీలీటర్ల పెసలకి రెండు లీటర్ల గిన్నె. లోతుగా ఉన్నదాని కంటే వెడల్పుగా ఉన్నది మేలు. మొలకెత్తే గింజ ఊపిరి తీస్తుంది, వేడి పుట్టిస్తుంది. ఎత్తుగా కుప్ప పోస్తే నడిమధ్య వెచ్చబడి, జిగురొచ్చి, పులిసిన వాసన వేస్తుంది. కుప్పలోకి వేలు పెట్టి చూడండి, పైకంటే లోపల బాగా వెచ్చగా తగిలితే రెండు గిన్నెల్లోకి సర్దేయండి. జిగురు, వాసన వచ్చేశాక కడిగి సరిచేద్దామని చూడకండి, పారేయండి.

టైము విషయంలో ఇంటి అలవాటు ఇక్కడ దెబ్బతీస్తుంది. విజయవాడలో పొద్దున మూటగడితే సాయంత్రానికి మొలక తొంగిచూస్తుంది. ఇక్కడ చలికాలంలో హీటర్ 68 ఫారెన్‌హీట్‌లో పెడతారు, అంటే 20 సెల్సియస్. ఆ చల్లదనంలో రెట్టింపు టైము పడుతుంది. ఆదివారం మధ్యాహ్నానికి కావాలంటే గురువారం రాత్రి నానబెట్టండి. శుక్రవారం పొద్దున నీళ్లు పూర్తిగా వంచి, తడిగుడ్డ కప్పి, పూటకోసారి కడిగి మళ్లీ వంచేస్తూ ఉండండి. శనివారం సాయంత్రానికి కావలసినంత పొడవొస్తే ఫ్రిజ్‌లో పెట్టేయండి, ఎదుగుదల దాదాపు ఆగిపోతుంది. లైటు వేసిన అవెన్‌లో పెట్టే చిట్కా కూడా ఉంది. పెడితే అవెన్ బటన్ మీద చీటీ అంటించండి. మా రూమ్మేట్ పిజ్జా కోసం అవెన్ వేడి చేసుకుంది, లోపల నా మూట ఉంది.

కొన్నది మొలకెత్తే సరుకో కాదో ముందే చూసుకోవచ్చు. యాభై గింజలు లెక్కపెట్టి చిన్న కప్పులో నానబెట్టి, తర్వాత తడిగుడ్డలో ఉంచండి. రెండు రోజులకి నలభై మొలిస్తే పదింట ఎనిమిది అన్నమాట, అప్పుడు లెక్కలో వచ్చినదానికి పావు వంతు కలపండి. ముప్పై కూడా రాకపోతే ఆ ప్యాకెట్‌ని పెసరట్టుకి వాడేసుకోండి. నానినా ఉబ్బకుండా చిన్నగా, గట్టిగా మిగిలిపోయే గింజలు ఉంటాయి, వాటిని మాత్రం ఏరేయండి. పంటి కింద రాయి పడ్డట్టే ఉంటుంది, డెంటిస్టు ఖర్చు సంగతి మీకు త్వరలోనే తెలుస్తుంది. ఇంకో మాట, కొట్లో పచ్చ పొట్టుతో ఉన్న గుండు పెసలే తీసుకోండి. పొట్టు ఉన్నా సరే, బద్దలైతే మొలకెత్తవు.

వేరే గింజలకి ఇదే లెక్క వర్తించదు. నల్ల శనగలు రెండున్నర రెట్ల దగ్గరే ఉంటాయి, టైము కూడా ఎక్కువ తీసుకుంటాయి, అయిదు కప్పులకు రెండు కప్పులు పోయాలి. అలసందలు శనగలకీ పెసలకీ మధ్యలో. ఇక్కడ సలాడ్లలో వేసే సన్నటి అల్ఫాల్ఫా పూర్తిగా వేరే లోకం, రెండు టేబుల్‌స్పూన్ల గింజలు లీటరు సీసాని నింపేస్తాయి. పెసలకు అలవాటైన చేత్తో దాన్ని కప్పుల్లో పోయకండి.

పచ్చివే తినాలా వండాలా అని అడుగుతారు. మొలకలకి కావలసిన తడి, వెచ్చదనం బ్యాక్టీరియాకీ ఇష్టమే, అది గింజతోనే వచ్చి ఉంటే పైపైన కడిగినా పోదు. 2011లో జర్మనీలో మెంతి మొలకల వల్ల ప్రబలిన ఈ-కోలైతో యాభై మందికి పైగా చనిపోయారు. గర్భిణులు, చిన్నపిల్లలు, పెద్దవాళ్లు, రోగనిరోధక శక్తి తక్కువగా ఉన్నవాళ్లు పచ్చి మొలకలు తినొద్దనే ఇక్కడి ఆరోగ్య శాఖ కూడా చెబుతుంది. పాట్‌లక్‌లో వీళ్లలో ఎవరో ఒకరు ఉండనే ఉంటారు. అందుకే నేను ఆవిరి మీద పూర్తిగా ఉడికించాకే ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు పోపు పెడతాను. నిమ్మకాయ మాత్రం అక్కడికి వెళ్లాకే పిండుతాను. ముందే పిండితే అడుగున నీరు చేరి, అయిదు కప్పులనుకున్నది గిన్నెలో నాలుగులా కనిపిస్తుంది.