సెలవు తర్వాత మొదటి ఆరు వారాలు

గుండె ఆపరేషనై మూడు నెలల తర్వాత మా రైస్ మిల్లు గుమాస్తా గారు తిరిగి వచ్చారు. మొదటిసారి నేను వేసిన షెడ్యూల్ తప్పింది. సోమ, మంగళ, బుధవారాలు వరసగా రోజుకు నాలుగు గంటలు పెట్టాను. గురువారం ఫోన్ చేసి, "నిన్న బానే ఉన్నానండి, ఈ రోజే లేవలేకపోయాను" అన్నారు. అలసట ఒక్కోసారి ఆ రోజు కాదు, మర్నాడు బయటపడుతుంది. అందుకే మొదట్లో రోజు విడిచి రోజు పిలవాలి.

డాక్టర్ని అడిగి మళ్లీ ఇలా వేశాం. మొదటి రెండు వారాలు సోమ, బుధ, శుక్ర, పది నుంచి రెండు దాకా. మూడో వారం అవే రోజులు, ఆరు గంటలు. నాలుగో వారం అవే ఆరు గంటలు, నాలుగు రోజులు. ఐదో వారం ఐదు రోజులు, ఆరో వారం పూర్తి డ్యూటీ. ఒక వారంలో గంటలైనా పెంచండి, రోజులైనా పెంచండి, రెండూ కలిపి వద్దు. ఆయన తణుకు నుంచి బస్సులో నిలబడి వచ్చే ముప్పావు గంటను కూడా పనిగానే లెక్కేశాం.

గంటలు తగ్గించి పని తగ్గించకపోతే షెడ్యూల్ కాగితం మీదే ఉంటుంది. ధాన్యం కాటా చీటీలు వేరే అబ్బాయికిచ్చి, ఆయనకు బ్యాంకు లెక్కలు మాత్రమే ఉంచాం.

ప్రతి శుక్రవారం ఒకటే అడగండి: "పని చేసిన మర్నాడు పొద్దున్న ఎలా లేచారు?" రెండుసార్లు కష్టంగా లేచానంటే, వచ్చే వారం అదే షెడ్యూల్ మళ్లీ నడపండి. ఆయాసం, ఛాతీ నొప్పి అంటే మాత్రం వెంటనే డాక్టర్ దగ్గరికి పంపండి.