గోడ గీకితే పొడి రాలుతోందా? ముందు ఇసుకను సీసాలో పోసి చూడండి

ఖమ్మం వైపు ఇళ్ల పనులు చూసేవాళ్లకు మూడు రకాల ఇసుక ఎదురవుతుంది. ఒకటి గోదావరి నుంచో వాగుల నుంచో వచ్చే నది ఇసుక. రెండోది క్రషర్‌లో రాయిని కొట్టి తీసే రోబో ఇసుక, దీన్నే ఎం-శాండ్ అంటారు. మూడోది పొలాల్లో, పాత వాగు గట్ల పక్కన గోతులు తవ్వి తీసే ఇసుక. ఈ మూడింటినీ ఒకే సీసాతో పరీక్షించవచ్చు. కానీ సీసాలో కనిపించే ఒండ్రు పొరను మూడింటికీ ఒకేలా చదివితే మంచి ఇసుకను తిప్పి పంపి, చెడ్డదాన్ని దించుకుంటాం. నేను ఒకసారి ఆ పొరపాటు చేశాను. అక్కడి నుంచే మొదలుపెడతాను.

సమస్య: ప్లాస్టరింగ్ మీద సాలెగూడులా పగుళ్లు, గీకితే పొడి

ఒక ఇంట్లో లోపలి గోడల ప్లాస్టరింగ్ అయిన తొమ్మిదో రోజున వెనక గది గోడ మీద సన్నటి పగుళ్లు వచ్చాయి. చెరువు ఎండినప్పుడు నేల బీటలు వారినట్టు చిన్న చిన్న గళ్లుగా ఉన్నాయి. మేకుతో గీకితే గీత పడింది, పొడి రాలింది. ముందు గదిలో మాత్రం గోడ గట్టిగా ఉంది. మేస్త్రీ, సిమెంటు, 1:5 పాళ్లు, నీళ్లు కొట్టిన రోజులు రెండు గదులకూ ఒకటే. మారింది ఇసుక లోడు ఒక్కటే. పని జరుగుతున్నప్పుడే మేస్త్రీ నాతో, "సార్, ఈ ఇసుక నీళ్లు బాగా తాగుతోంది, మాల్ గరిటెకు అతుక్కుంటోంది" అన్నాడు. ఆ మాటను నేను పట్టించుకోలేదు.

ఇసుకను తప్పుపట్టే ముందు పగుళ్ల తీరు చూడాలి. స్తంభానికీ ఇటుక గోడకూ మధ్య నిలువుగా, లేదా లింటెల్ చివర నుంచి ఏటవాలుగా ఒకే గీతలా పగిలితే ఇసుక కారణం కాదు. అవి రెండు పదార్థాలు కలిసే చోట వైరు జాలీ కొట్టకపోవడం వల్లో, గోడ కదలడం వల్లో వస్తాయి. గళ్లుగా పగిలినా గీకితే గట్టిగా ఉందంటే సిమెంటు ఎక్కువైందనో, ఎండకు త్వరగా ఆరిపోయిందనో అనుమానించాలి. గళ్ల పగుళ్లూ పొడి రాలడమూ రెండూ ఒకే లోడు వాడిన గోడ మీద కనిపిస్తే అప్పుడు ఇసుకను పట్టుకోండి.

కారణం: గింజకు పట్టిన బంకమట్టి

బంకమట్టి రెండు రకాలుగా చెడగొడుతుంది. ఇసుక గింజ చుట్టూ పూతలా పట్టుకుని సిమెంటును గింజకు అంటనివ్వదు, అందుకే పొడి రాలుతుంది. అదే మట్టి నీళ్లు తాగి ఉబ్బి, ఆరేటప్పుడు ముడుచుకుంటుంది, అందుకే బీటలు. మాల్ జారడం లేదని మేస్త్రీ ఇంకో చెంబు నీళ్లు పోస్తే బలం మరింత తగ్గుతుంది.

ఆ లోడు పట్టా భూమిలో గొయ్యి తవ్వి తీసిందని తర్వాత తెలిసింది. గోతి ఇసుక అంతా చెడ్డదని నేను అనను. గింజ గరుకుగా ఉంటుంది, కడిగి వాడితే గోడ కట్టుబడికి పనికొస్తుంది. కానీ అది పారే నీటిలో కడుక్కోలేదు కాబట్టి మట్టి పూత దానితోనే వస్తుంది. ఎర్రమట్టిని నీళ్లతో కడిగి ఇసుకగా అమ్మే 'ఫిల్టర్ ఇసుక' ఇంకా ప్రమాదం. అందులో చాలా గింజలు కుళ్లిన రాతి ముక్కలే. గోటితో నొక్కితే పిండి అవుతాయి. ఎంత కడిగినా దానికి బలం రాదు. దాన్ని దించుకోకండి.

పరీక్ష: సీసా, చెంచాడు ఉప్పు, స్కేలు

ముందు నమూనా సరిగ్గా తీయండి. కుప్ప పైన ఆరిన ఇసుక ఎప్పుడూ శుభ్రంగానే కనిపిస్తుంది, ఒండ్రు నీటితోపాటు కిందికి దిగుతుంది. అయిదారు చోట్ల మోచేతి లోతు తవ్వి, గుప్పెడేసి తీసి, బాగా కలిపి అందులోంచి తీసుకోండి.

పక్కలు నిటారుగా ఉన్న గాజు సీసా కావాలి. నడుము సన్నగా ఉండే నీళ్ల బాటిల్ కొలతకు పనికిరాదు. సగం వరకు ఇసుక పోసి, ముప్పావు వరకు నీళ్లు పోయండి. ఆ నీళ్లలో అర లీటరుకు ఒక చెంచా చొప్పున ఉప్పు ముందే కరిగించి ఉండాలి. ఉప్పు లేకపోతే సన్నటి బంకమట్టి రోజంతా నీళ్లలో తేలుతూనే ఉంటుంది, పొర పలచగా కనిపించి మనల్ని మోసం చేస్తుంది. మూత బిగించి ఒక నిమిషం గట్టిగా ఊపండి. గోతి ఇసుకైతే రెండు నిమిషాలు ఊపండి, పూత అంత తేలిగ్గా వదలదు. చదునైన చోట పెట్టి మూడు గంటలు కదిలించకండి.

అడుగున ఇసుక, దాని పైన సన్నటి ఒండ్రు పొర, ఆపైన నీళ్లు. స్కేలు పెట్టి రెండు పొరలూ కొలిచి, ఒండ్రు ఎత్తును ఇసుక ఎత్తుతో భాగించి నూటితో గుణించండి. కేంద్ర ప్రభుత్వ నిర్మాణ శాఖ అయిన సీపీడబ్ల్యూడీ నిబంధనల్లో ఈ లెక్క 8 శాతం దాటకూడదు.

పగుళ్లు చూశాక మూడు సీసాలు పెట్టాను. వెనక గది కుప్పలో మిగిలిన గోతి ఇసుక 80 మిల్లీమీటర్లు, ఒండ్రు 14 మిల్లీమీటర్లు. అంటే 17.5 శాతం. ముందు గదికి వాడిన గోదావరి ఇసుక 85, ఒండ్రు 3. అంటే మూడున్నర శాతం. మూడోది పక్క సైటు నుంచి తెచ్చిన రోబో ఇసుక: 78కి 11, అంటే 14 శాతం.

ఈ మూడో సీసా దగ్గరే నేను తప్పు చదివాను. 14 శాతం చూసి, ఆ ఇసుక కూడా చెడ్డదేనని పక్క సైటు వాళ్లకు చెప్పాను. అది నిజం కాదు.

రోబో ఇసుకకు అదే సీసా, వేరే తీర్పు

నది ఇసుకలో పై పొర బంకమట్టీ ఒండ్రూ. రోబో ఇసుకలో అది చాలా వరకు రాతి పిండి. రాతి పిండి నీళ్లు తాగి ఉబ్బదు, గింజల సందుల్ని నింపుతుంది. అందుకే కాంక్రీటు ఇసుక, కంకరల భారతీయ ప్రమాణం ఐఎస్ 383 75 మైక్రాన్ల కంటే సన్నటి పదార్థాన్ని సహజ ఇసుకలో బరువులో 3 శాతానికి, పగలగొట్టిన రాతి ఇసుకలో 15 శాతానికి అనుమతిస్తుంది. సీసా లెక్క పరిమాణంలో, ప్రమాణం బరువులో. నీళ్లలో పేరుకున్న పొర గుల్లగా ఉంటుంది కాబట్టి ఈ రెండు అంకెల్ని పక్కపక్కన పెట్టి పోల్చకూడదు.

అందుకే రోబో ఇసుకకు రెండు పనులు అదనంగా చేస్తాను. మొదటిది, సీసా పై పొరను చెంచాతో తీసి అరచేతిలో ఆరనిస్తాను. రాతి పిండి అయితే ఆరాక దులిపితే రాలిపోతుంది. మట్టి అయితే గోధుమ రంగు మరక మిగులుతుంది, తడిగా ఉన్నప్పుడు వేళ్లకు జిగురుగా తగులుతుంది. రెండోది తూకం. ఇనప మూకుడులో వేయించి ఆరబెట్టిన ఇసుక సరిగ్గా కిలో తీసుకుని, బకెట్‌లో నీళ్లు పోసి కలిపి, గింజ అడుక్కి దిగగానే మురికినీళ్లు మెల్లగా వంచేయాలి. నీళ్లు తేటగా వచ్చేవరకు ఇలా చేసి, మళ్లీ ఆరబెట్టి తూచాలి. ఆ రోబో ఇసుక 910 గ్రాములు తేలింది. అంటే పోయింది 9 శాతం, చేతికి మరకా పట్టలేదు. అది వాడుకోదగ్గదే. జల్లెడ లేకుండా వంచడంలో కొంత సన్నటి ఇసుక కూడా పోతుంది కాబట్టి ఇది ఉజ్జాయింపే. అనుమానం మిగిలితే ల్యాబ్‌కు పంపాలి.

ఒక జాగ్రత్త. క్రషర్ డస్ట్‌ను రోబో ఇసుక పేరుతో పంపేవాళ్లు ఉంటారు. కంకర కొట్టగా మిగిలిన డస్ట్‌లో గింజలు పెంకుల్లా పలచగా ఉంటాయి, పొడి భాగం ఎక్కువ. మంచి ఎం-శాండ్ గింజ ఘనంగా, చేతికి గరుకుగా తగులుతుంది. డస్ట్‌తో స్లాబ్ కాంక్రీటు కలిపితే నీళ్లు ఎక్కువ అడుగుతుంది, స్లాబ్ పైన పాలలాంటి పొర తేలి, ఆరాక అది పొడిగా లేస్తుంది. స్లాబ్ అలా తయారైతే పైన సిమెంటు పూసి కప్పేయకండి. బలం ఎంత ఉందో ఇంజినీరు చేత పరీక్ష చేయించాలి.

పరిష్కారం: వేసిన గోడకూ, వేయని కుప్పకూ

వెనక గది గోడను కర్ర పిడితో తట్టి చూశాం. డొల్ల శబ్దం వచ్చినచోటా, మేకు సులువుగా దిగినచోటా ప్లాస్టరింగ్ మొత్తం చెక్కించాం. ఇటుకను వైరు బ్రష్‌తో రుద్ది, నీళ్లతో తడిపి, గోదావరి ఇసుకతో మళ్లీ వేయించాం. పొడి రాలే గోడ మీద పుట్టీ పెడితే పుట్టీతో సహా ఊడివస్తుంది. గట్టిగా ఉండి వెంట్రుకవాసి పగుళ్లు మాత్రమే ఉన్నచోట పుట్టీ చాలు.

మిగిలిన గోతి ఇసుకను డ్రమ్ములో సగం వరకు పోసి, అడుగు నుంచి పైపుతో నీళ్లు పెట్టి, పారతో కలుపుతూ మురికి పైనుంచి పొర్లించాం. మూడుసార్లు కడిగాక సీసా 6 శాతం చూపింది, దాన్ని ప్రహరీ గోడ కట్టుబడికి వాడాం. కడిగిన ఇసుక తడిగా ఉంటుంది, తడి ఇసుక పరిమాణంలో నాలుగో వంతు దాకా ఉబ్బవచ్చు. ఫర్మా అనే కొలత పెట్టెతో కొలిచేటప్పుడు ఆ మేరకు ఎక్కువ వేసి, మాల్‌లో నీళ్లు తగ్గించాలి. లేకపోతే ఇసుక పాలు తగ్గి సిమెంటు ఎక్కువవుతుంది. రోబో ఇసుకను మాత్రం ఇలా తెల్లగా కడిగేయకండి. పిండి మొత్తం పోతే కాంక్రీటు మొరటుగా తయారై పని సాగదు.

గోతి ఇసుకలో ఉప్పు ఉంటే గోడ మీద తెల్లటి పూత వస్తుంది. నాలుగు గుప్పెళ్ల ఇసుకను మంచినీళ్లలో రాత్రంతా నానబెట్టి, పై తేట నీళ్లను స్టీలు పళ్లెంలో ఆవిరి కానివ్వండి. ఈ పరీక్షకు సీసాలోని ఉప్పు నీళ్లు వాడకూడదు. పక్కనే ఇంకో పళ్లెంలో వట్టి నీళ్లు కూడా పెట్టండి. ఇసుక నీళ్ల పళ్లెంలో తెల్లటి వలయం మందంగా మిగిలితే ఆ ఇసుకను ప్లాస్టరింగ్‌కు వద్దు.

ఎంచుకోవాల్సివస్తే నా పద్ధతి ఇది: స్లాబ్, స్తంభాలకు దొడ్డు నది ఇసుక లేదా నిఖార్సైన ఎం-శాండ్, ప్లాస్టరింగ్‌కు జల్లించిన సన్న నది ఇసుక, దొరక్కపోతే ప్లాస్టరింగ్ కోసం వేరుగా చేసే సన్నటి రోబో ఇసుక, గోతి ఇసుక కడిగి, సీసా పరీక్ష దాటితే కట్టుబడికి, దాటకపోతే బేస్‌మెంట్ నింపుడుకు. రోబో ఇసుక గింజ కోణాలుగా ఉంటుంది కాబట్టి మేస్త్రీ "జారట్లేదు" అంటాడు. అప్పుడు నీళ్లు పోయనివ్వకుండా, నీళ్లు పెంచకుండానే మాల్‌ను జారేలా చేసే ప్లాస్టిసైజర్ వాడటమో సగం నది ఇసుక కలపడమో చేయండి.

ఇప్పుడు లారీ వచ్చిందంటే ట్రాలీ లేపకముందే సీసా ఊపుతాను. ఇసుక ఒక నిమిషంలోనే దిగిపోతుంది, పది నిమిషాలకు పై పొర ఎంతో ఉజ్జాయింపుగా తెలుస్తుంది. పొర మందంగా, మట్టి రంగులో కనిపిస్తే లోడు దించనివ్వను. దించిన ప్రతి లోడు సీసా మీదా తేదీ, ఏ గోడకు వాడామో రాసిన చీటీ అంటించి, ప్లాస్టరింగ్ ఆరే దాకా సైటు కిటికీలో వరుసగా ఉంచుతాను.