ఆల్ఫా లిపోయిక్ యాసిడ్ వాడినా అరికాళ్ల మంటలు తగ్గడం లేదా? ముందు మందుల అట్ట తిప్పి చూడండి

"మూడు నెలలుగా నరాల మాత్ర వేసుకుంటున్నానండీ, మంటలు ఏమాత్రం తగ్గలేదు" అని వచ్చేవారిని నేను మొదట అడిగేది మందుల అట్ట తెచ్చారా అని. చాలామంది తీసుకురారు. తెచ్చినవారిలోనూ దాని వెనుకవైపు చదివినవారు అరుదు. ఆల్ఫా లిపోయిక్ యాసిడ్ పనిచేయలేదన్న ఫిర్యాదుల్లో పెద్ద భాగం ఆ అట్ట మీదే తేలిపోతుంది కనుక అక్కడి నుంచే మొదలుపెడతాను. మీ నొప్పి మధుమేహం వల్ల వచ్చిన నరాల నొప్పేనని, అంటే రెండు కాళ్లలోనూ వేళ్ల దగ్గర మొదలై పైకి పాకుతూ, రాత్రిపూట ఎక్కువయ్యే మంట, తిమ్మిరి, సూదులు గుచ్చినట్టు ఉండటమేనని వైద్యులు ఇప్పటికే నిర్ధారించారని అనుకుని రాస్తున్నాను.

మాత్ర వేసుకుంటున్నా మార్పు లేదు

మన మందుల షాపుల్లో ఈ మందు విడిగా కంటే మిశ్రమ మాత్రగానే ఎక్కువగా కనిపిస్తుంది. అట్ట వెనుక సన్నని అక్షరాల్లో సాధారణంగా ఉండేది ఇది: మిథైల్‌కోబాలమిన్ 1500 మైక్రోగ్రాములు, ఆల్ఫా లిపోయిక్ యాసిడ్ 100 మిల్లీగ్రాములు, ఫోలిక్ యాసిడ్ 1.5 మిల్లీగ్రాములు, పైరిడాక్సిన్ 3 మిల్లీగ్రాములు. కొన్నింటిలో వీటితోపాటు ప్రీగాబాలిన్ 75 మిల్లీగ్రాములు కూడా ఉంటుంది. ఇందులో మనం చూడవలసిన అంకె 100.

1995లో ప్రచురితమైన అలాడిన్ అనే అధ్యయనంలో 328 మంది టైప్ 2 మధుమేహ రోగులకు మూడు వారాలపాటు ఈ మందును రక్తనాళంలోకి ఎక్కించారు. కొందరికి 1200 మిల్లీగ్రాములు, కొందరికి 600, కొందరికి 100 ఇచ్చి, మిగిలినవారికి డమ్మీ మందు ఇచ్చారు. 600, 1200 తీసుకున్నవారికి డమ్మీ మందు తీసుకున్నవారికంటే బాధలు ఎక్కువగా తగ్గాయి. 100 తీసుకున్నవారికి ఆ తేడా కనిపించలేదు. పైగా అది నేరుగా రక్తంలో కలిసిన 100. నోటి ద్వారా మింగిన మందులో రక్తానికి చేరేది సుమారు మూడో వంతే. కాబట్టి రోజుకొక మిశ్రమ మాత్ర వేసుకుంటూ ఆల్ఫా లిపోయిక్ యాసిడ్ విఫలమైందనడం సరికాదు, అది తగిన మోతాదులో అసలు మొదలే కాలేదు.

దీనికి పరిష్కారం అవే మాత్రలు ఆరు మింగడం మాత్రం కాదు. ప్రీగాబాలిన్ కలిసిన మాత్రలు ఆరు వేసుకుంటే ఆ మందు ఒక్కటే రోజుకు 450 మిల్లీగ్రాములవుతుంది. అలవాటు లేని మనిషి, అందులోనూ పెద్ద వయసువారు, ఆ మత్తులో పడిపోవడానికి అది చాలు. వైద్యులతో మాట్లాడి ఆల్ఫా లిపోయిక్ యాసిడ్ విడిగా ఉన్న మాత్రను రోజుకు 600 మిల్లీగ్రాములు ఒకేసారి, ఉదయం టిఫిన్‌కు అరగంట ముందు వేసుకోవాలి. ఆహారంతో కలిస్తే మందు ఒంటపట్టడం తగ్గుతుంది. పరగడుపున వేసుకుంటే వికారంగా ఉంటోందని కొందరు అన్నం తిన్నాక వేసుకుంటారు, అదీ మందు సరిగా అందకపోవడానికి ఒక కారణమే.

600 వాడినా పెద్దగా తేడా లేదు

మోతాదు పెంచాలా అన్నది ఇక్కడ వచ్చే ప్రశ్న. పెంచవద్దు. 2006లో వెలువడిన సిడ్నీ 2 అధ్యయనంలో 181 మందికి అయిదు వారాలపాటు మాత్రల రూపంలో 600, 1200, 1800 మిల్లీగ్రాములు గానీ, డమ్మీ మాత్ర గానీ ఇచ్చి చూశారు. పోటు, మంట, తిమ్మిరి, మొద్దుబారడం అనే నాలుగు బాధలకు కలిపి వేసిన మార్కులు మూడు మోతాదుల్లోనూ సుమారు సగానికి తగ్గాయి. డమ్మీ మాత్ర వేసుకున్నవారికి కూడా 32 శాతం తగ్గాయన్నది గమనించాలి, మందు వల్ల అదనంగా దక్కిన మేలు ఆ రెంటి మధ్య తేడా మాత్రమే. మోతాదు పెరిగినకొద్దీ పెరిగింది వికారమే తప్ప ఉపశమనం కాదు.

ఎక్కువ కాలం వాడితే మరింత బాగా పనిచేస్తుందన్న ఆశకూ ఆధారాలు తోడు రావు. నాథన్ 1 అనే అధ్యయనంలో 460 మందిలో సుమారు సగం మందికి నాలుగేళ్లు రోజుకు 600 మిల్లీగ్రాములు ఇచ్చినా, ముందుగా నిర్ణయించుకున్న ప్రధాన కొలమానంలో డమ్మీ మాత్రకూ దీనికీ గణనీయమైన తేడా రాలేదు. నరాల పరీక్షలో కొన్ని అంశాలు మాత్రం కాస్త మెరుగ్గా కనిపించాయి. ఆరు నెలలు, అంతకు మించి సాగిన మూడు అధ్యయనాలను కలిపి పరిశీలించిన 2024 నాటి కాక్రేన్ సమీక్ష, ఆరు నెలల దగ్గర బాధల మీద ఈ మందు ప్రభావం బహుశా లేదనో, ఉన్నా స్వల్పమనో తేల్చింది. జర్మనీలో ఇది మధుమేహ నరాల జబ్బుకు అనుమతి పొందిన మందు, అమెరికాలో కేవలం ఆహార అనుబంధం. ఆధారాలు ఎంత అటూ ఇటూగా ఉన్నాయో దీన్నిబట్టే తెలుస్తుంది.

నేను చేసేది ఇంతే: మొదలుపెట్టే రోజున రాత్రి మంటకు పదికి ఎన్ని మార్కులో రోగి చేతనే కాగితం మీద రాయించి, మూడు నెలల తరువాత మళ్లీ రాయిస్తాను. రెండు మార్కులైనా తగ్గకపోతే ఆపేస్తాను. నిద్ర పట్టనంత నొప్పి ఉన్నవారిని ఆ మూడు నెలలు దీని మీదే వదలకూడదు. వారికి డ్యులోక్సెటీన్, ప్రీగాబాలిన్, ఎమిట్రిప్టిలిన్ వంటి మందులు ముందు రావాలి.

తగ్గిన మంటలు కొన్నాళ్లకు మళ్లీ మొదలయ్యాయి

నేను దెబ్బతిన్నది ఇక్కడే. కొన్నేళ్ల కిందట పదవీ విరమణ చేసిన ఒక ఉపాధ్యాయురాలు వచ్చారు. పూర్తి శాకాహారి. తొమ్మిదేళ్లుగా మెట్‌ఫార్మిన్ రోజుకు రెండు పూటలా 1000 మిల్లీగ్రాముల చొప్పున వాడుతున్నారు. వేరొకచోట రాసిచ్చిన మిశ్రమ మాత్రను ఎనిమిది నెలలు వేసుకున్నాక మంటలు బాగా తగ్గాయని సంతోషంగా చెప్పారు. నేను అట్ట చూసి, 100 మిల్లీగ్రాములకే ఇంత గుణం కనిపిస్తే 600కు ఇంకెంత కనిపిస్తుందో అనుకుని, ఆ మాత్ర మాన్పించి విడి ఆల్ఫా లిపోయిక్ యాసిడ్ రాశాను. అలాడిన్ ఫలితం తెలిసి కూడా ఆ 100 పనిచేసి ఉండదన్న ఆలోచన ఆ క్షణంలో తట్టలేదు.

సుమారు ఏడాది తరువాత ఆవిడ మళ్లీ వచ్చి, "డాక్టరు గారూ, నడుస్తుంటే చెప్పు జారిపోయినా తెలియడం లేదండీ. ముఖం కడుక్కుంటూ కళ్లు మూసుకుంటే తూలిపోతున్నాను" అన్నారు. బొటనవేలి మీద ట్యూనింగ్ ఫోర్క్ పెడితే కంపనం తెలియలేదు. హిమోగ్లోబిన్ 12.1, రక్తహీనత లేదు. బీ12 మాత్రం 132 పికోగ్రాములు వచ్చింది. 200 కంటే తక్కువ ఉంటే లోపమనే అంటాం. ఎనిమిది నెలలు ఆవిడను కాపాడింది ఆల్ఫా లిపోయిక్ యాసిడ్ కాదు, అదే మాత్రలో పక్కన కూర్చున్న మిథైల్‌కోబాలమిన్, అంటే బీ12. అసలు మందును నేనే ఆపించాను.

మెట్‌ఫార్మిన్ పేగుల్లో బీ12 ఒంటపట్టడాన్ని తగ్గిస్తుంది. మోతాదు, వాడిన ఏళ్లు పెరిగేకొద్దీ లోపం వచ్చే అవకాశమూ పెరుగుతుంది. మాంసం, గుడ్లు తినకుండా పాలు కూడా తక్కువగా తీసుకునేవారిలో అది మరింత ఎక్కువ. కాలేయంలో నిల్వలు ఉండటం వల్ల లోపం నెలలు, ఏళ్లు దాగి ఉండి నెమ్మదిగా బయటపడుతుంది. అందుకే మందు ఆపడానికీ మంట తిరిగి రావడానికీ మధ్య సంబంధం ఎవరికీ కనిపించదు. రక్తహీనత లేదు కదా అని కొట్టిపారేయడానికీ లేదు, ఎందుకంటే నరాలు దెబ్బతిన్నా రక్తం మామూలుగానే ఉండవచ్చు. మిశ్రమ మాత్రలోని ఫోలిక్ యాసిడ్ అయితే రక్తాన్ని సరిచేసి అసలు జబ్బును ఇంకా కప్పిపెట్టగలదు.

ఇందులో మరో చిక్కు ఉంది. మిశ్రమ మాత్ర వాడుతూ బీ12 పరీక్ష చేయిస్తే అంకె ఎక్కువగానే వస్తుంది. అది ఆ మాత్రలోని మందు అంకె, దాన్నిబట్టి మొదట్లో లోపం లేదని చెప్పలేం. కాబట్టి పరీక్ష మిశ్రమ మాత్ర మొదలుపెట్టడానికి ముందే జరగాలి. ఇప్పటికే వాడుతున్నవారు దాన్ని కొన్ని వారాలు ఆపి పరీక్ష చేయించుకుని నిశ్చింత పడకూడదు, పాత రిపోర్టులు ఉంటే వెతకాలి. అవీ లేకపోతే, మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడుతున్న మనిషికి ఆల్ఫా లిపోయిక్ యాసిడ్ విడిగా మార్చినా బీ12ను వేరే మాత్రగా కొనసాగించి, ఏడాదికోసారి పరీక్షించమని వైద్యులను అడగాలి. ఫలితం 200కూ 300కూ మధ్య ఉంటే మిథైల్‌మలోనిక్ యాసిడ్ పరీక్ష అనుమానం తీరుస్తుంది. ఆ ఉపాధ్యాయురాలికి 1000 మైక్రోగ్రాముల ఇంజెక్షన్లు వరసగా ఇచ్చాక మూడు నెలల్లో మంటలు తగ్గాయి కానీ మొద్దుబారడం పూర్తిగా పోలేదు. ఆలస్యం చేసినవారికి అంతవరకే దక్కుతుంది.

షుగర్ మారింది

ఈ మందు ఇన్సులిన్ పనితనాన్ని కొంత మెరుగుపరుస్తుందని చిన్న అధ్యయనాలు చూపాయి. మూడు నెలల సగటు షుగర్ మీద మాత్రం ప్రభావం స్వల్పం, అది కూడా అన్ని అధ్యయనాల్లో ఒకేలా లేదు. దీన్ని నమ్ముకుని షుగర్ మాత్ర తగ్గించుకున్నవారి అంకెలు పెరిగితే కారణం వెతకనవసరం లేదు, మానేసిన మాత్ర తిరిగి మొదలుపెట్టాలి. ఇన్సులిన్, గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ వాడేవారు మాత్రం మొదటి రెండు మూడు వారాలు ఇంట్లో గ్లూకోమీటరుతో కాస్త తరచుగా చూసుకోవాలి.

ఇన్సులిన్ గానీ, ఆ తరహా మాత్రలు గానీ వాడని మనిషికి తెల్లవారుజామున లేదా భోజనం అయిన కొన్ని గంటలకు చెమటలు పట్టి, చేతులు వణికి షుగర్ 50కి పడిపోతే ఈ మందు ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. అరుదుగా ఇది శరీరం సొంత ఇన్సులిన్ మీద యాంటీబాడీలు తయారుచేసుకునేలా చేస్తుంది. జపాన్‌లో, ఇటలీలో ఇలాంటి కేసులు నమోదయ్యాయి. రక్తంలో ఇన్సులిన్, దానిపై యాంటీబాడీల పరీక్షలతో తేలుతుంది, మందు ఆపితే సాధారణంగా కొన్ని నెలల్లో సర్దుకుంటుంది.

మిగతావి

మూత్రం గంధకం వాసన రావడం మందు గుణమే, భయపడనవసరం లేదు. ఒక్క కాలులోనే నొప్పి ఉంటే నడుము వైపు చూడండి. ఒంటి మీద స్పర్శ తెలియని మచ్చ ఉంటే కుష్టు పరీక్ష చేయించండి. షుగర్‌ను రెండు మూడు నెలల్లో బాగా వేగంగా దించినప్పుడు మంటలు కొత్తగా రేగితే అది వేరే కథ, దానికి ఈ మాత్ర పెంచడం దారి కాదు. రెండు మూడు రకాల బీ కాంప్లెక్స్ మాత్రలు కలిపి వేసుకునేవారు అన్ని అట్టల మీదా పైరిడాక్సిన్ ఎంతుందో కూడి చూసుకోవాలి, ఎక్కువ మోతాదులో అదే నరాలను దెబ్బతీస్తుంది.