మతం–ఆరోగ్యం సమీక్ష జాబితాలా తయారైతే: లక్షణాలు, కారణాలు, మరమ్మతు

లక్షణం: పేరాలను తారుమారు చేసినా తేడా తెలియదు

థీసిస్‌లో గత అధ్యయనాలను సమీక్షించే రెండో అధ్యాయం తీసి, ఏవైనా రెండు పేరాలను అటూ ఇటూ మార్చి చదవండి. ఎక్కడా అతుకు ఊడినట్టు అనిపించకపోతే మీరు రాసింది సమీక్ష కాదు, సారాంశాల వరుస. ప్రతి పేరా ఒక పరిశోధకుడి పేరుతో మొదలై, ఎంతమందిని పరిశీలించారో చెప్పి, ఒక ఫలితంతో ముగుస్తుంటుంది.

కారణం నోట్సులోనే ఉంటుంది. వ్యాసానికొక పేజీ చొప్పున రాసుకుంటే అధ్యాయం కూడా వ్యాసానికొక పేరాగానే వస్తుంది.

మరమ్మతుకు ఒక పట్టిక చాలు. అడ్డ వరుసల్లో అధ్యయనాలు, నిలువు వరుసల్లో ప్రశ్నలు పెట్టండి. మతాన్ని దేనితో కొలిచారు? అధ్యయనం మొదలైనప్పుడు మనుషులు ఆరోగ్యంగా ఉన్నారా? వేటిని లెక్కలోకి తీసుకుని సరిచేశారు? ప్రయోజనానికి కారణం ఏమన్నారు? గడులు నింపాక నిలువుగా చదవండి. ఒక్కో నిలువు వరుస ఒక్కో ఉపశీర్షిక అవుతుంది.

చర్చికి క్రమంగా వెళ్లేవారు ఎక్కువ కాలం బతుకుతారా అన్న వాదాన్ని తీసుకుందాం. మేరీలాండ్‌లోని వాషింగ్టన్ కౌంటీ సమాచారంతో కామ్‌స్టాక్, పార్ట్రిడ్జ్ 1972లో అవుననే సూచించారు. మంచం పట్టినవాడు చర్చికి వెళ్లలేడు కదా, ఆ ఫలితానికి అదే కారణం కావచ్చని తరువాత కామ్‌స్టాకే గుర్తించారు. 1999లో లాన్సెట్ పత్రికలో స్లోన్, ఆయన సహచరులు ఈ రంగంలోని అధ్యయనాలను తూర్పారబట్టినప్పుడు ఇలాంటి లోపాలనే ఎత్తిచూపారు. 2016లో లీ, వాండర్‌వీల్ బృందం అమెరికా నర్సుల్లో గుండెజబ్బు, క్యాన్సర్ లేని 74,534 మంది మహిళలను 16 ఏళ్ల పాటు గమనించింది. వారానికి ఒకసారి కంటే ఎక్కువగా ప్రార్థనలకు వెళ్లేవారిలో మరణాల ముప్పు, అసలు వెళ్లనివారితో పోలిస్తే 33 శాతం తక్కువగా కనిపించింది. జబ్బు వల్ల మానేశారా, మానేయడం వల్ల జబ్బా అన్న చిక్కును తగ్గించేందుకు ముందు కాలపు హాజరును, ఆరోగ్యాన్ని కూడా లెక్కలోకి తీసుకున్నారు.

ఈ నాలుగింటినీ నాలుగు సారాంశాలుగా రాస్తే ఏమీ మిగలదు. "ఆరోగ్యవంతులే చర్చికి వెళ్తున్నారా?" అన్న ఒక్క ప్రశ్న కింద పెడితే ఆరోపణ, దాని బలం, సమాధానం ఒకదాని వెంట ఒకటి నడుస్తాయి. ఇప్పుడు పేరాలు తారుమారు చేసి చూడండి, కథ తెగిపోతుంది.

లక్షణం: ఉపశీర్షికలున్నా జాబితాగానే ఉంది

"మతం, గుండెజబ్బులు", "మతం, క్యాన్సర్", "మతం, కుంగుబాటు". గైడ్లకు ఇవి ముచ్చటగా కనిపిస్తాయి, కానీ అవి అల్మరాలో అరలు మాత్రమే. అధ్యయనాలను జబ్బు పేరుతో విడదీయడం వల్ల వాటి మధ్య ఉన్న తగవు మూడు అరల్లోకి చెదిరిపోయింది. శీర్షికను ప్రశ్నగా మార్చండి: "మేలు చేసేది నమ్మకమా, అలవాట్లా, తోటివారా?" అప్పుడు కాలిఫోర్నియాలోని అలమీడా కౌంటీలో 28 ఏళ్లు సాగిన అధ్యయనానికి (స్ట్రాబ్రిడ్జ్ బృందం, 1997) సరైన చోటు దొరుకుతుంది. తరచూ చర్చికి వెళ్లేవారు తరువాతి ఏళ్లలో పొగ మానడం, వ్యాయామం పెంచుకోవడం, పరిచయాలు పెంచుకోవడం ఎక్కువని అది చూపింది. వాటిని లెక్కలోకి తీసుకున్నప్పుడు మరణాల తేడా తగ్గింది, పూర్తిగా పోలేదు. ఆ మిగిలిన తేడా గురించే మీ తరువాతి పేరా.

లక్షణం: "ఫలితాలు మిశ్రమంగా ఉన్నాయి" అన్న వాక్యం

ఇది కనిపించిన చోట ఎర్రసిరాతో గీత పెట్టండి. సాధారణంగా వేర్వేరు కొలతలను ఒకే గంపలో వేయడమే దీనికి కారణం. చర్చి హాజరు ఒకటి, ఒంటరిగా చేసే ప్రార్థన మరొకటి. జబ్బు ముదిరిన కొద్దీ ప్రార్థన పెరగవచ్చు కనుక, ఒకే సమయంలో తీసిన సర్వేలో ఎక్కువ ప్రార్థించేవారే ఎక్కువ అనారోగ్యంగా కనిపించవచ్చు. ఇక పార్గమెంట్ బృందం ఆసుపత్రిలో చేరిన వృద్ధులను పరిశీలించి, దేవుడు తనను వదిలేశాడన్న వేదన ఉన్నవారిలో మరణాల ముప్పు ఎక్కువని 2001లో చెప్పింది. ఇవి పరస్పర విరుద్ధాలు కావు. మూడు వేర్వేరు విషయాలను కొలిచాయి. పట్టికలోని మొదటి నిలువు వరుస ప్రకారం విడదీస్తే చాలావరకు "మిశ్రమం" విడిపోతుంది. అప్పటికీ తేడా మిగిలితే అదే అసలైన చర్చ, దానికి చోటివ్వండి.

గుంటూరులోనో వరంగల్‌లోనో అధ్యయనం చేయబోయేవారికి ఇక్కడే పని ఉంది. వారానికి ఎన్నిసార్లు వెళ్తారన్న ప్రశ్న చర్చికి పుట్టింది. రోజూ ఇంట్లో దేవుడి గది ముందు దీపం పెట్టి, గుడికి పండగనాడే వెళ్లే మనిషి ఆ కొలతలో భక్తి లేనివాడిగా తేలతాడు. ఈ మాట పరిమితుల విభాగంలో కాకుండా కొలతల ఉపశీర్షిక కిందే రావాలి.

లక్షణం: ఎక్కడా ఇమడని అధ్యయనం

బైపాస్ శస్త్రచికిత్స చేయించుకున్న 1,802 మంది రోగులతో బెన్సన్ బృందం 2006లో ప్రచురించిన పరీక్ష చాలా అధ్యాయాల్లో వేలాడుతుంటుంది. అందులో పరీక్షించింది రోగి మతాన్ని కాదు, రోగి కోసం అపరిచితులు చేసిన ప్రార్థనను. మీ ప్రశ్నలు హాజరు గురించైతే, ఇలాంటివి మీ పరిధిలోకి రావని అధ్యాయం మొదట్లో ఒక వాక్యంలో చెప్పి దాన్ని తీసేయండి.