అక్షాంశ, రేఖాంశాలు తారుమారు చేసే ముందు జాగ్రత్తలు

పలాస జీడితోటల జాబితాలో 214 వరుసలున్నాయి. ఒక్కోటి ఇలా ఉంటుంది: 18.77,84.42. మ్యాపు ఫైలు రూపమైన జియోజేసన్‌కు రేఖాంశం ముందుండాలి. చేత్తో మార్చలేం కదా, రెజెక్స్‌తో మారుద్దాం. ముందు ఫైలుకు ఒక కాపీ తీసి పక్కన పెట్టండి.

చాలామంది రాసే నమూనా `(\d+\.\d+),(\d+\.\d+)`. దీన్ని పొరపాటున రెండోసారి నడిపితే అంతా మళ్లీ మొదటికొస్తుంది. మన ప్రాంతంలో అక్షాంశం 17–19, రేఖాంశం 82–84 అంకెలతోనే మొదలవుతుంది కాబట్టి ఆ సంగతే నమూనాలో పెట్టండి:

```
\b(1[7-9]\.\d+),\s*(8[2-4]\.\d+)
```

రీప్లేస్ పెట్టెలో:

```
$2,$1
```

మొదటి బ్రాకెట్లో చిక్కింది $1, రెండో దానిలోది $2. ఒకసారి మారిన వరుస 84తో మొదలవుతుంది కనుక మళ్లీ చిక్కదు. విమ్ ఎడిటర్‌లో అయితే `\2,\1` అని రాయాలి, గుండ్రటి బ్రాకెట్ల ముందూ + ముందూ బ్యాక్‌స్లాష్‌లు పెట్టాలి, `\b` బదులు `\<` రాయాలి.

రీప్లేస్ ఆల్ నొక్కే ముందు ఎన్ని దొరికాయో చూడండి. 213 అంటే ఒకటి తప్పించుకుంది. సాధారణంగా దోషి స్ప్రెడ్‌షీటే: 84.00ను 84 చేసేస్తుంది, చుక్క లేక నమూనాకు అందదు. ఆ వరుసను చేత్తో దిద్దండి.

చివరికి ఒక బిందువును మ్యాపులో పెట్టి చూడండి. వరుస తప్పితే మన తోట స్వాల్‌బార్డ్‌కు ఉత్తరాన, ఆర్కిటిక్ మంచులో తేలుతుంది.