పళ్లు రెండు పూటలా తోమినా నోటి వాసన పోవట్లేదా? అది ఎక్కడ పుడుతోందో ఇలా పట్టుకోండి

నోటి వాసన అని నల్గొండలో మా క్లినిక్‌కు వచ్చేవాళ్లలో చాలామంది కూర్చోకముందే "కడుపులో గ్యాస్ సార్" అంటారు. ఎక్కువమందిలో వాసన పుట్టేది నోట్లోనే. బ్రష్ అందని చోట చేరిన బ్యాక్టీరియా తిండి తునకల్ని, రాలిన కణాల్ని కుళ్లబెట్టి గంధకపు వాయువులు వదులుతుంది. కుళ్లిన గుడ్డు కంపు వాటిదే.

మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి పళ్లు గోధుమ రంగుకు తిరిగినవాళ్లు, ఆ మచ్చలే కంపు కొడుతున్నాయనుకుని బ్రష్ అరిగేదాకా రుద్దుతుంటారు. ఆ మచ్చ ఎనామిల్‌లోనే ఉంటుంది, దానికి వాసన లేదు. గట్టిగా తోమితే అరిగేది పన్నే.

ముందు పరీక్ష

మన నోటి వాసన మన ముక్కుకు అలవాటైపోతుంది కాబట్టి ఇంట్లోవాళ్ల సాయం కావాలి. పెదవులు మూసి ముక్కుతో గాలి వదలండి. తర్వాత ముక్కు పట్టుకుని నోటితో వదలండి. ముక్కు గాలే ఎక్కువ కంపుగా ఉంటే సైనస్ సంగతి చూడాలి, అది ఈఎన్‌టీ డాక్టర్ పని. నోటి గాలే కంపైతే ఒక స్టీల్ చెంచా తీసుకుని నాలుక వెనక భాగం మీద మెల్లగా గీయండి. అర నిమిషం ఆగి చెంచా వాసన చూడండి.

చెంచాకు పసుపు పచ్చని జిగురు అంటుకుంటే

దేవరకొండ వైపు నుంచి వచ్చిన ఒక లారీ డ్రైవర్‌కు చెంచా నిండా అదే వచ్చింది. పళ్లు బాగున్నాయి, చిగుళ్ల నుంచి రక్తం లేదు. రోజూ బ్రష్ చేస్తాడు. నాలుక మీద అంత పాచి ఎందుకు పేరుకుందో అడిగి తెలుసుకోవాల్సి వచ్చింది. దారిలో బండి ఆపాల్సొస్తుందని నీళ్లు తక్కువ తాగుతాడు. దుమ్ముకు తుమ్ములని రోజూ రాత్రి సెట్రిజిన్ వేసుకుంటాడు. ముక్కు మూసుకుపోయి నోరు తెరిచి నిద్రపోతాడు. మూడూ నోరెండబెట్టేవే. నోటిని కడుగుతూ ఉండేది లాలాజలం. నిద్రలో అది మామూలుగానే తగ్గుతుంది, ఆయనకు ఇంకా తగ్గింది. కంపు పోవడానికని వాడిన మౌత్‌వాష్‌లో ఆల్కహాల్ ఉండి, ఎండిన నోటిని మరింత ఎండబెట్టింది. అంటే పాచి కనిపించేదే తప్ప, అసలు మూలం నోరెండడం.

పాచి తీయడానికి టంగ్ క్లీనర్ చాలు. పాతకాలంలో వేపపుల్లతో పళ్లు తోమి, ఆ పుల్లనే నిలువునా చీల్చి నాలుక గీసుకునేవాళ్లు, పని అదే. నాలుక బయటికి చాపి, ఊపిరి వదులుతూ వెనక నుంచి ముందుకు నాలుగైదుసార్లు మెల్లగా లాగండి, ప్రతిసారీ క్లీనర్ కడగండి. ఊపిరి వదులుతూ చేస్తే వాంతి వచ్చినట్టు అనిపించడం తగ్గుతుంది. రక్తం వచ్చేలా గీయొద్దు. పొద్దున ఒక్కసారే కాదు, రాత్రి పడుకునే ముందు కూడా గీయాలి, ఎందుకంటే కుళ్లే పని ఎక్కువగా జరిగేది రాత్రిళ్లే.

మాత్ర విషయంలో ఆయన ఈఎన్‌టీ డాక్టర్‌ను కలిశాడు. మాత్ర బదులు ముక్కుకు స్ప్రే ఇచ్చారు. బాటిల్ పక్కన పెట్టుకుని గుక్కెడు గుక్కెడు నీళ్లు తాగడం, చక్కెర లేని చూయింగ్ గమ్ నమలడం నేను చెప్పాను. పగటి కంపు పోయింది. పొద్దున లేచినప్పుడు కాస్త ఉంటుంది, అది అందరికీ ఉండేదే. బీపీ, డిప్రెషన్ మాత్రల్లో కూడా కొన్ని నోరెండబెడతాయి. వాటిని సొంతంగా మానేయకండి, రాసిన డాక్టర్‌ను అడగండి.

గొంతులోంచి తెల్లని ముక్క రాలితే

దగ్గితే, తుమ్మితే నూక గింజంత తెల్లని ముక్క నోట్లోకి వస్తుంది. వేళ్ల మధ్య నలిపితే భరించలేని కంపు. ఇవి టాన్సిల్ రాళ్లు. టాన్సిల్స్ మీద గుంటలుంటాయి, వాటిలో తిండి, కణాలు చిక్కి గట్టిపడతాయి. అద్దం ముందు నోరు తెరిచి ఫోన్ టార్చ్ వేస్తే ఒక్కోసారి కనిపిస్తాయి. తిన్న తర్వాత గ్లాసు గోరువెచ్చని నీళ్లలో అర టీస్పూన్ ఉప్పు వేసి గరగరలాడిస్తే చాలావరకు వాటంతటవే జారిపోతాయి. పిన్నుతో, అగ్గిపుల్లతో పొడవొద్దు, టాన్సిల్ చీరుకుపోయి రక్తం ఆగకపోవచ్చు. మాటిమాటికీ వస్తుంటే ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించండి. ఒకవైపు టాన్సిలే పెద్దగా ఉన్నా, ఉమ్ములో రక్తం వచ్చినా ఆలస్యం చేయొద్దు.

చెంచా శుభ్రంగా ఉండి, పళ్ల సందుల్లో లాగిన దారం ఒకేచోట కంపు కొడితే అక్కడ పుచ్చో చిగురు జబ్బో ఉన్నట్టు. దానికి పళ్ల డాక్టరే దిక్కు. చిన్నపిల్లల్లో ఒక్క ముక్కు రంధ్రం నుంచే కంపు, చీము వస్తుంటే గింజో పూసో ఇరుక్కుందేమో అదేరోజు చూపించాలి. షుగర్ ఉన్నవాళ్ల ఊపిరి పండు వాసన కొడుతూ, వాంతులు, ఆయాసం తోడైతే టంగ్ క్లీనర్ వెతక్కుండా నేరుగా ఆసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.